సంత నుంచి సంతకు సరిపడా

మా కొండల్లో కాఫీ తోటల కింద గడ్డిని ఇదివరకు కత్తులతోనే కొట్టేవాళ్ళం. ఇప్పుడు చాలా గూడేల్లో పది కుటుంబాలకో, ఒక సంఘానికో గడ్డి కోసే మిషను ఉంది. భుజానికి తగిలించుకుని తిప్పే ఆ బ్రష్ కట్టర్ వచ్చాక వారం పని రెండు రోజుల్లో అవుతోంది. అయితే ఏటా మొదటి వానలు పడి, గడ్డి మోకాలి ఎత్తు పెరిగిన రోజుల్లోనే ఈ మిషన్లు మొండికేస్తాయి. తాడు లాగిలాగి చేతులు నొప్పెట్టినా స్టార్ట్ కావు. మిషను మంచిది కాదని అంటారు. చాలాసార్లు తప్పు మిషనుది కాదు, అది తాగే పెట్రోలుది.

ఈ మిషన్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోక్ ఇంజన్లు. మోటార్ సైకిల్ ఇంజన్‌కు కింద ఆయిల్ నిలవుండే చోటు వేరే ఉంటుంది. టూ స్ట్రోక్‌కు అది లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌కూ బేరింగులకూ అంటుకుంటూ పోతుంది. అంటే ఆకలి తీర్చేదీ, ఒంటికి రాసేదీ ఒకే డబ్బాలో ఉండాలి. ఆయిల్ తగ్గితే పిస్టన్ వేడెక్కి గీతలు పడుతుంది, చివరికి పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది.

ఎంత కలపాలో మిషనుతో వచ్చిన పుస్తకంలోనో, ట్యాంకు మూత మీదో రాసి ఉంటుంది. 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్. 25:1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. పక్క ఊరి మిషను లెక్క మన మిషనుకు పనికిరాకపోవచ్చు. మూతతో, కంటి అంచనాతో పోయకుండా మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి వాడుతున్నాం. 50:1కి రెండు సిరంజిలు, 25:1కి నాలుగు. ఆ సిరంజిని దీనికే ఉంచాలి. బండి ఇంజన్‌లో పోసే ఫోర్ స్ట్రోక్ ఆయిల్ ఇందులో కలపకూడదు. ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్లు కూడా ఉన్నాయి. వాటికి ఆయిల్ వేరే పోస్తారు, పెట్రోలులో కలపరు. కొనేటప్పుడే ఇది అడిగి తెలుసుకోవాలి.

కొలత సరిగ్గా ఉన్నా అసలు చిక్కు మరొకటి ఉంది. పుస్తకం రాసినవాళ్ళకు పెట్రోలు బంకు వీధి చివర ఉంటుంది. మాకు కొండ దిగి వెళ్ళాలి. అందుకే వెళ్ళినప్పుడే ఐదు లీటర్లు తెచ్చి, మొత్తానికీ ఆయిల్ కలిపేసి, డబ్బా మూలన పెట్టేయడం మా ఊళ్ళలో వాడుకైంది. కోత అయ్యాక మిగిలింది వచ్చే ఏడాదికి పనికొస్తుందని దాచుతారు. తేనె ఏళ్ళు నిలుస్తుంది. జీలుగు కల్లు తెల్లారి తీపిగా ఉండి సాయంత్రానికి పులుస్తుంది. పెట్రోలు కల్లు జాతిది. కాకపోతే పులవడానికి గంటలు కాదు, వారాలు పడుతుంది. కలిపిన పెట్రోలును నెల దాటి వాడకూడదు.

అది ఎలా చెడుతుందో చూద్దాం. మొదట, ఇంజన్ తేలిగ్గా స్టార్ట్ కావడానికి పనికొచ్చే పలచని భాగం మూత సందుల్లోంచి ఆవిరైపోతుంది. మిగిలింది గాలి తగిలి మెల్లగా జిగురవుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలిపి అమ్ముతున్నారు. ఇథనాల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది. మా వానాకాలంలో తడికేం కరువు? నీళ్ళు ఒక హద్దు దాటాక ఇథనాల్, నీళ్ళు జతకట్టి అడుగుకు దిగుతాయి. ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకులో పైపు పీల్చేది అడుగునుంచి. అంటే ఇంజన్‌కు వెళ్ళేది సరిగా మండదు, దానికి ఆయిల్ రక్షణా ఉండదు.

పోయిన ఏడాది పక్క గూడెం సంఘం మిషను మా ఊరికి వచ్చింది. మా ఊళ్ళో బళ్ళు బాగుచేసే కుర్రాడొకడు ఉన్నాడు. చోక్ వేస్తే నడుస్తోంది, చోక్ తీసి రేసు ఇస్తే ఆగిపోతోంది, అలాగే ఓ పూట గడ్డి కొట్టామని వాళ్ళు చెప్పారు. కుర్రాడు మిషను విప్పలేదు. ముందు ట్యాంకులోది గాజు సీసాలోకి వంచి, వెలుతురుకు పెట్టి చూడమన్నాడు. కాసేపటికి అడుగున వేరే పొర తేరింది, మధ్యలో గీత గీసినట్టు కనబడింది. వాసన పెట్రోలుది కాదు, పాత రంగు డబ్బాది. పోయిన కాఫీ కోతకు ముందు కలిపిందట అది.

తర్వాత కార్బురేటర్ విప్పాడు. లోపలి చిన్న జల్లెడకు పసుపు జిగురు పట్టి ఉంది. మెత్తగా ఊగాల్సిన రబ్బరు పొర ఎండుటాకులా గట్టిపడింది. పెట్రోలు సరిపోక, చోక్ వేసి గాలి తగ్గిస్తేనే ఇంజన్ నడిచిందన్నమాట. చివరగా సైలెన్సర్ తీసి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూపించాడు. నున్నగా మెరవాల్సిన చోట నిలువు గీతలున్నాయి. రబ్బరు పొర, ఫిల్టర్, ప్లగ్ మార్చడం చిన్న ఖర్చు. పిస్టన్, సిలిండర్ మార్చడం పెద్దది. ఆ పూట మొండిగా నడపకుండా ఆపి ఉంటే చిన్న ఖర్చుతో పోయేది. ఆ వానాకాలం ఆ పది కుటుంబాలు మళ్ళీ కత్తులే పట్టాయి.

అప్పటి నుంచి మా సంఘంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పెట్రోలు కలపకుండానే తెస్తాం, డబ్బా మీద తెచ్చిన తేదీ రాస్తాం. సంత నుంచి సంతకు ఎంత గడ్డి కొట్టాలో అంచనా వేసి అంతవరకే ఆయిల్ కలుపుతాం. ముందు సగం పెట్రోలు, తర్వాత ఆయిల్, మళ్ళీ మిగతా పెట్రోలు పోసి బాగా కుదుపుతాం. కలపని పెట్రోలు కూడా ఎల్లకాలం నిలవదు. కానీ మిగిలితే దాన్ని ఎవరి బండిలోనైనా పోసేయొచ్చు. ఆయిల్ కలిపినదానికి ఆ దారి లేదు.

గడ్డి పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా మెల్లగా నడుపుతాం. అప్పుడు కార్బురేటర్‌లో జిగురయ్యేందుకు ఏమీ మిగలదు. చెడినదాన్ని కొత్తదాంట్లో కలిపి సరిపెట్టం, గెడ్డలో పారబోయం, పొయ్యి రాజేయడానికి అసలే వాడం. గట్టి మూత డబ్బాలో కిందికి పంపితే మెకానిక్కులు సామాన్లు కడుక్కోవడానికి తీసుకుంటారు. పెట్రోలును నీళ్ళ సీసాల్లో, సారా సీసాల్లో పోసి ఉంచడం కూడా మానేశాం. పిల్లలకు దాహం వేస్తే సీసా చూస్తారు గానీ అందులో ఏముందో చూడరు.