జొన్న రొట్టె పోయి ఖుబ్జ్ వచ్చినప్పుడు

గల్ఫ్ నుంచి ఇంటికి ఫోన్ చేసే మన పిల్లలు ఎండ గురించి చెప్తారు, ఓవర్‌టైమ్ గురించి చెప్తారు. నాలుగు రోజులుగా దొడ్డికి రాలేదన్న మాట మాత్రం చెప్పరు. అమ్మతో చెప్పాలంటే సిగ్గు, తోటివాళ్లతో చెప్తే నవ్వుతారని భయం. నేను పదకొండేళ్లు దుబాయ్‌లో, సోనాపూర్ అని మనవాళ్లు పిలిచే లేబర్ క్యాంపులో ఉండి వచ్చాను. కొత్తగా దిగినవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే ఈ బాధ పడ్డారు. అందులోనూ మన సోలాపూర్ పిల్లలకు ఇది గట్టిగానే తగులుతుంది. కారణం మన జొన్న రొట్టె.

మన ఇళ్లలో కార్ఖానాకు డబ్బా కడితే రెండు రొట్టెలు, మట్కీ కూరో మెంతికూరో, పల్లి పొడి, ఒక ఉల్లిగడ్డ ఉంటాయి. నూరు గ్రాముల జొన్న పిండిలో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది. అంతే మైదాలో గానీ తెల్ల బియ్యంలో గానీ 3 గ్రాములు కూడా ఉండదు. పెద్ద మనిషికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రోజుకు పావు కిలో పిండి రొట్టెలు తినే మగ్గం మనిషికి ఆ లెక్క రొట్టెతోనే నిండిపోతుంది. కూర, పప్పు పైవి. ఇక్కడ ఉన్నన్నాళ్లు పీచు అనే మాటే మనకు అవసరం పడదు.

మా అక్క కొడుకు టవల్ మగ్గం వదిలి మా క్యాంపుకే వచ్చాడు. గోడౌన్‌లో ప్యాకింగ్ పని. మూడో వారానికి రాత్రి అన్నం ముందు కూర్చుని కలుపుతున్నాడే గానీ తినడం లేదు. అడిగితే చాలాసేపటికి చెప్పాడు: "తింటే కడుపు బిగుస్తది మామా. ఐదు రోజులైంది. నేను ఇంటికి పోతా." వీసాకు తెచ్చిన అప్పులో ఒక్క రూపాయి తీరలేదు. ముందురోజు పనిలో కళ్లు తిరిగి కూర్చుంటే సూపర్‌వైజర్ సగం రోజు జీతం కోశాడు.

వాడు తింటున్నదేమిటో ఇద్దరం లెక్క వేశాం. పొద్దున టీతో రెండు ఖుబ్జ్‌లు, అంటే మైదాతో చేసే అరబ్బు రొట్టెలు. మధ్యాహ్నం మెస్‌లో తెల్లన్నం, నీళ్ల పప్పు. రాత్రి మళ్లీ అన్నం, కోడికూర. కోడిలో పీచు అసలు ఉండదు. అంతా కలిపినా 13 గ్రాములు దాటలేదు. ఇంట్లో తిన్నదాంట్లో సగం కూడా కాదు.

పెద్ద పేగు చేసే పనుల్లో ఒకటి మలంలోని నీటిని పీల్చుకోవడం. పీచు ఆ నీటిని కొంత పట్టి ఉంచి మలాన్ని మెత్తగా, బరువుగా ఉంచుతుంది. పీచు తగ్గితే మలం మెల్లగా కదులుతుంది. కదలని కొద్దీ పేగు ఇంకా నీరు పీల్చేస్తుంది. చివరికి మేక పెంటికల్లాగా గట్టిపడుతుంది. చెమట ఎక్కువ పట్టి, నీళ్లు తక్కువ తాగితే ఇది ఇంకా తొందరగా అవుతుంది.

రెండో కారణం బాత్రూం లైను. బస్సు ఐదింటికి, లైను నాలుగింటికే మొదలు. పొద్దున ఏదైనా తిని, టీ తాగాక పేగు దానంతట అదే కదులుతుంది. ఆ వేగం వచ్చినప్పుడు వీడు బస్సులో ఉండేవాడు. ఆపుకుంటే కాసేపటికి అది పోతుంది, మళ్లీ తొందరగా రాదు. రోజూ ఆపుకుంటే పిలుపే మందగిస్తుంది.

సంచిలో అమ్మ పెట్టిన సునాముఖి చూర్ణం ఉంది. వేసుకుంటే నీళ్లలాగా పోయేది, తర్వాత రెండు రోజులు ఏమీ రాదు, మళ్లీ వేసుకునేవాడు. పేగు ఖాళీ అయ్యాక నిండడానికి ఆ రెండు రోజులు పట్టడం సహజమే. దాన్ని కూడా మలబద్ధకం అనుకోవడంతోనే చాలామంది చూర్ణానికి అలవాటు పడతారు. అవసరానికి ఒకటి రెండు రాత్రులు సరే, రోజూ వద్దు.

మేం చేసింది పెద్ద పనేం కాదు. రూములో వంట చేయనివ్వరు కాబట్టి ఉడికించి డబ్బాలో అమ్మే కాబూలీ శనగలు కొన్నాం. నీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టి, ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపితే చాలు. సగం డబ్బాలో 7, 8 గ్రాముల పీచు వస్తుంది. కానీ మొదటి రోజే సగం డబ్బా తినిపించలేదు. పీచు అలవాటు తప్పిన కడుపులో ఒక్కసారి పోస్తే గ్యాసు పట్టి, 'ఇది నాకు పడదు' అని మానేస్తారు. మొదటి మూడు రోజులు రెండు చెంచాలు, తర్వాత గుప్పెడు, వారం దాటాక సగం డబ్బా. దాంతోపాటు రోజుకు ఐదు ఖర్జూరాలు, తొక్కతోనే ఒక ఆపిల్. తెల్ల ఖుబ్జ్ బదులు గోధుమ ఖుబ్జ్. ఇక్కడ రంగు చూసి మోసపోవద్దు. రంగు కలిపిన మైదా రొట్టెలు కూడా గోధుమ రంగులోనే ఉంటాయి. ప్యాకెట్ మీద పదార్థాల పట్టీలో మొదటి పేరు 'హోల్ వీట్' అయి ఉండాలి.

మూడున్నరకే లేచి ఒక గ్లాసు నీళ్లు, టీ, రెండు ఖర్జూరాలు. లైను పెరగకముందే వెళ్లి వచ్చినా రాకపోయినా పది నిమిషాలు కూర్చోవడం. ముక్కి బలవంతం చేయొద్దని గట్టిగా చెప్పాను, మొలలు అక్కడే మొదలవుతాయి. నడుమ వారం రోజులు ఇసబ్‌గోల్ పొట్టు కూడా ఇచ్చాం: చెంచాడు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగడం, దాని మీద ఇంకో గ్లాసు. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది.

తొమ్మిదో రోజు పొద్దున లైనులోంచి నన్ను చూసి తల ఊపి నవ్వాడు. అప్పటికీ రోజూ కాలేదు, రోజు విడిచి రోజు. మెత్తగా, నొప్పి లేకుండా వస్తే అదీ సరైనదే.

చదువుకోను జర్మనీ, అమెరికా పోయే పిల్లలకూ బ్రెడ్డు, నూడుల్సుతో ఇదే బాధ. వాళ్లకు వంటగది ఉంటుంది కాబట్టి ఓట్స్, ముడి పెసలు తేలిక. అక్కడి కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద జానెడు ఎత్తు పీట వేసుకుంటే మోకాళ్లు పైకి లేచి పని సులువవుతుంది.

అయితే తిండితో ఆగి చూడకూడనివి ఉన్నాయి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే శనగలూ ఇసబ్‌గోలూ అన్నీ ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. రోజుల తరబడి రాక, తర్వాత నీళ్లలాగా కారుతుంటే అది విరేచనం అనుకోవద్దు. గట్టి ముద్ద లోపల అడ్డంపడి పక్కనుంచి కారుతూ ఉండొచ్చు. నెత్తురు పడినా, నల్లగా వచ్చినా, ఊరికే బరువు తగ్గుతున్నా డాక్టరుకు చూపించాలి. దుబాయ్‌లో కార్మికుడికి ఆరోగ్య బీమా చేయించాల్సింది కంపెనీయే. ఆ కార్డు కొత్తవాళ్లు మొదటి వారంలోనే అడిగి తీసుకోవాలి.

ఇంట్లోవాళ్లు పంపదలిస్తే కడక్ రొట్టెలు పంపండి. బాగా ఎండినవి వారాలు నిలుస్తాయి, పప్పులో నానేసుకుని తినొచ్చు. అవిసె గింజల పొడి కూడా మంచిది, రెండు చెంచాల్లో 4 గ్రాముల దాకా పీచు ఉంటుంది. ఏ పొడిలోనూ గసగసాలు మాత్రం కలపొద్దు. దుబాయ్‌లో అవి నిషేధం, సంచిలో దొరికితే జైలు దాకా పోతుంది.