జ్వరం తగ్గాక

హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తిన వారం, కాలనీవారికి పంపే ఈమెయిల్ ఆరోగ్యలేఖలో పన్నెండు అంశాలు రాశాను. డెంగీ తొమ్మిదవది. ఫోనులో చదివిన మిత్రుడొకరు అంతవరకు రాలేదు; రక్తస్రావాన్ని పెంచగల ఐబుప్రొఫెన్ వేసుకున్నారు. అదృష్టవశాత్తు కోలుకున్నారు.

మరుసటి లేఖను కుదించాను. డెంగీకి మొదటి స్థానం, మూడు వాక్యాలు. మరి నాలుగు అంశాలకు రెండేసి పంక్తులు. ఒక్కొక్కదానికి ఒకే లింకు. మిగిలినవి వాయిదా వేశాను.

“జ్వరం తగ్గాక తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి” అన్న వాక్యంలో మొదటి రెండు మాటలు కొట్టివేయబోయి ఆగాను. డెంగీలో అసలు గండం సాధారణంగా జ్వరం దిగే వేళకే మొదలవుతుంది. ఆ మాటలు లేకుంటే, జ్వరం పోయిందని పాఠకుడు నిశ్చింతగా ఉండిపోతాడు. ప్రాణం కాపాడే మాట లేఖలోనే ఉండాలి. వివరణ లింకులో ఉంటే చాలు.