పన్నెండు ఫొటోలు, ఒక వాక్యం

బట్టల డిజైన్ చదివే విద్యార్థి కొత్త కలెక్షన్ మొదలుపెట్టేటప్పుడు ముందుగా చేసేది ఫొటోలు పోగెయ్యడం. వాటిని గోడకు అంటించి చూస్తే ఏదో కుదిరినట్టే ఉంటుంది. చిక్కు ఆ తర్వాత వస్తుంది. అదే గోడను చూసి నేత మనిషి ఒకటి అనుకుంటాడు, కత్తిరింపు మాస్టర్ ఇంకొకటి అనుకుంటాడు, సరుకు కొనే వ్యాపారి మూడోది అనుకుంటాడు. ఫొటో అన్నిటినీ ఒక్కసారే చూపిస్తుంది కాబట్టి ఏది తీసుకోవాలో, ఏది వదిలెయ్యాలో చెప్పదు. ఆ పని రాతది. క్యాప్సూల్ కలెక్షన్‌కు ఇది మరీ ముఖ్యం. 1970ల లండన్‌లో సూసీ ఫో తన దుకాణంలో ప్రచారంలోకి తెచ్చినా, 1985లో డోనా కారన్ ఏడు దుస్తుల కలెక్షన్‌గా చూపించినా, మూలసూత్రం ఒకటే: కొద్ది దుస్తులు, ఒకదానితో ఒకటి కలవాలి. కొద్దిగా ఉండాలంటే చాలా వదులుకోవాలి. అందుకే కాన్సెప్ట్ రాయడమంటే ఫొటోలను వర్ణించడం కాదు, వాటిలో చాలావాటిని కారణం చెప్పి పక్కన పెట్టడం అంటాను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విషయం తేలియా రుమాలు: ఒకప్పుడు చీరాలలో, ఇప్పుడు ముఖ్యంగా పుట్టపాకలో నేసే డబుల్ ఇకత్ చదరపు గుడ్డ. చేతిలో పన్నెండు ఫొటోలు ఉన్నాయనుకోండి. గడియారాలు, విమానాలు నేసిన పాత రుమాళ్లవి రెండు. రుమాలును లుంగీగా, తలగుడ్డగా కట్టుకున్న జాలరులవి మూడు. ముడులు కట్టిన నూలు చిలపలు, రంగు తొట్టి, మగ్గం ఒక్కొక్కటి. తడి ఇసుక, నీలిరంగు పెచ్చులూడుతున్న పడవ, సూర్యాస్తమయం, ఆకుపచ్చ చీర కట్టిన ఒకామె. ప్రతి ఫొటో కింద ఒకే ప్రశ్నకు జవాబు రాయాలి: దీనినుంచి తీసుకునేది రంగా, ఆకారమా, గుడ్డ అల్లికా? ఈ మూడింటిలో ఏదీ కాక మిగిలేది ‘బాగుంది’ అన్న భావమే అయితే ఆ ఫొటో పక్కకు పోవాలి. అలా చూస్తే చివరి నాలుగూ పోతాయి. చూడగానే నచ్చేవి పడవ, సూర్యాస్తమయమే. కానీ ఆ నీలం ఫొటోలో ఉంది, గుడ్డలో లేదు. దాన్ని ఉంచితే కలెక్షన్ ఏ సముద్రతీరానికైనా అతుకుతుంది. చీరాలతో పని ఉండదు.

మిగిలిన ఎనిమిదీ కలిపి ఒక వాక్యం రాయాలి. అదే థీమ్. ‘సంప్రదాయానికి ఆధునిక రూపం’ అని రాస్తే ఏమీ రాయనట్టే, ఎందుకంటే అది ఏ దుస్తునూ కాదనలేదు. ‘ఎండలో పనిచేసే మనిషి కోసం, కత్తెర వీలైనంత తక్కువ పడేలా, చదరపు గుడ్డలతో కట్టిన దుస్తులు’ అని రాసి చూడండి. ఈ వాక్యం జరీని వద్దంటుంది, నడుము బిగించే గౌనును వద్దంటుంది, సిల్కు లైనింగ్‌ను వద్దంటుంది. జాలరి ఫొటో దీనికి సాక్ష్యం: ఆ గుడ్డను ఆయన కుట్టించలేదు, చుట్టుకున్నాడు. ముందే ఇలా గిరిగీస్తే ఊహ చచ్చిపోదా అని అడగవచ్చు. గోడ మీద బొమ్మలు పేరుస్తున్నంతసేపూ ఊహకు స్వేచ్ఛ ఉండాల్సిందే. కానీ నూలుకు ముడులు కట్టి రంగులో ముంచాక డిజైన్ మార్చడం కుదరదు. డబుల్ ఇకత్‌లో పడుగు, పేక రెండూ ముందే లెక్క ప్రకారం రంగు పట్టి మగ్గం ఎక్కుతాయి. వాక్యం మార్చడం ఉచితం, నూలు మార్చడం కాదు.

రంగుల దగ్గర ఫొటో మరీ మోసం చేస్తుంది. ఒకే ఎరుపు నీడలో ఊదా వైపు, సాయంత్రపు ఎండలో నారింజ వైపు మొగ్గుతుంది, తెలుపు పసుపెక్కుతుంది. ఫోనులో రంగు ఎంచే పరికరం పెట్టి ఒకే రుమాలుపై మూడు చోట్ల తాకితే మూడు ఎరుపులు వస్తాయి. కాబట్టి ఫొటో నుంచి తీసుకోవలసింది రంగుల పేర్లు, వాటి పాళ్లు. అసలు ఛాయ మాత్రం రంగు వేసిన నూలు ముక్కతో పగటి వెలుగులో తేల్చి, ఆ ముక్కనే కాగితానికి అంటించాలి. తేలియాలో ఆ పని తేలిక, ఎందుకంటే సంప్రదాయంగా రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ పదేపదే నానబెట్టడం వల్లే అలిజరిన్ ఎరుపు అంత గాఢంగా పడుతుంది. తేలియా అన్న పేరూ ఆ నూనె నుంచే వచ్చింది. మన కలెక్షన్‌లో సగం రంగు వెయ్యని తెలుపు, పావు ఎరుపు, పావు నలుపు అని రాసుకుందాం. మూడు రంగులే అయితే విసుగు పుట్టదా అంటారు. వైవిధ్యం రంగు నుంచే రానక్కర్లేదు. పలచని మల్లు, మందపాటి నేత, సన్న గళ్లు, ఇకత్ పక్కపక్కన ఉంటే ఒకే తెలుపు నాలుగు రకాలుగా కనిపిస్తుంది. నాలుగో రంగు తెస్తే పైదుస్తులు, కిందివి జతపడే అవకాశాలే తగ్గుతాయి.

ఇక ముఖ్యమైన దుస్తులు. రుమాలు సుమారు 45 అంగుళాల చదరం. దాన్ని కొయ్యకుండా ఒంటికి చుట్టి ముందువైపు కుడితే, కుట్టుకు ఒక అంగుళం పోగా 44 అంగుళాల చుట్టుకొలత వస్తుంది. రెండు అంచులు ఛాతీ మధ్య కలిసి నిలువు పట్టీలా కనిపిస్తాయి. 36 ఛాతీకి ఎనిమిది అంగుళాల వదులు, సరిపోతుంది. తుంటి 40 అయితే నాలుగే మిగులుతుంది, కూర్చోవడానికి చాలదు. కింద కుట్టు వెయ్యకుండా చీలిక ఉంచాలి. ఛాతీ 42 అయితే రెండే మిగులుతుంది, ఆ సైజుకు పక్కల్లో సాదా గుడ్డ పట్టీ చేర్చాలి. ఈ లెక్క ఏ ఫొటోలోనూ కనిపించదు. కాన్సెప్ట్‌లో రాయకపోతే మాస్టర్ అలవాటు కొద్దీ డార్ట్‌లు వేస్తాడు, గడియారం బొమ్మ మధ్యలో మడత పడుతుంది.

మొత్తం ఎనిమిది అనుకుందాం: రుమాలు కుర్తా, తెల్ల చొక్కా, సన్న గళ్ల వదులు పైదుస్తు, నల్ల ప్యాంటు, ఎర్ర చుట్టు లంగా, చేతుల్లేని ఇకత్ జాకెట్, పొడవాటి తెల్ల గౌను, ఒక భుజం గుడ్డ. అన్నీ ఇకత్‌లో ఎందుకు చెయ్యకూడదంటే, ఖర్చు ఒక కారణం, జత కుదరకపోవడం అంతకన్నా పెద్ద కారణం. మూడు పైవాటికి రెండు కిందివి కలిపితే ఆరు జతలు. రుమాలు కుర్తా మీద ఇకత్ జాకెట్ వేస్తే రెండు బొమ్మలు పోట్లాడతాయి కాబట్టి జాకెట్‌తో నాలుగే. గౌను ఒంటరిగా, జాకెట్‌తో కలిపి మరో రెండు. మొత్తం పన్నెండు. అదే బొమ్మను తెరతో అచ్చు వేస్తే చవక కదా అన్న మాటా వస్తుంది. చవకే; కాని అచ్చులో అంచు గీసినట్టు ఉంటుంది, ఇకత్‌లో పోగు కదిలినంత మేర రంగు చెదురుతుంది. పైగా పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అచ్చు గుడ్డను ఆ పేరుతో అమ్మడం కొనేవాళ్లనూ నేసేవాళ్లనూ మోసగించడమే.

రాసిన కాన్సెప్ట్ పనికొస్తుందో లేదో తేల్చడానికి ఫొటోలన్నీ తీసేసి ఆ ఒక్క కాగితం మాస్టర్ చేతికిచ్చి చూడాలి. అంచు ఎటు రావాలి, ఎరుపు ఏ పాళ్లలో ఉండాలి అని ఆయన అడిగితే రాత అసంపూర్తిగా ఉన్నట్టు. ‘42 సైజుకు పట్టీ ఎరుపా, నలుపా?’ అని అడిగాడంటే రాయవలసింది దాదాపు రాసినట్టే. ఇక చేర్చాల్సింది ఆ ఒక్క జవాబే.