రోటామీటరు గీత, హెక్సేను లెక్క

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం పత్తికీ వేరుశనగకూ పేరు పొందినది కనుక, అక్కడ జిన్నింగు మిల్లుల వెన్నంటే నూనె మిల్లులూ వెలిశాయి. గానుగలోనో ఎక్స్‌పెల్లర్‌లోనో పిండిన తరువాత కూడా చెక్కలో కొంత నూనె మిగిలిపోతుంది. దానిని హెక్సేను అనే తేలిక ద్రావకంతో కడిగి రాబట్టే కర్మాగారాన్ని ఆ వృత్తిలోనివారు సాల్వెంట్ ప్లాంటు అంటారు. అటువంటి ప్లాంటులో అడుగుపెట్టిన సందర్శకునికి ఎక్స్‌ట్రాక్టరుకు వెళ్లే గొట్టం మీద నిలువుగా బిగించిన రోటామీటరు కనబడుతుంది. గంటకు ఎన్ని లీటర్ల హెక్సేను చెక్క మీద పడుతున్నదో షిఫ్టు ఆపరేటరు దానిని చూసే చెబుతాడు.

రోటామీటరులో కింద సన్నగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా ఉండే గొట్టమూ, అందులో పైకీ కిందికీ కదిలే ఫ్లోటూ ఉంటాయి. ద్రవం కింది నుంచి పైకి ప్రవహిస్తూ ఫ్లోటును ఎత్తుతుంది. ఫ్లోటు పైకి పోయినకొద్దీ దాని చుట్టూ ఉన్న ఖాళీ పెరుగుతుంది గనుక, ద్రవం వేగం వల్ల కలిగే ఎత్తుడు బలమూ, ఫ్లోటు బరువులో ద్రవం మోయగా మిగిలిన భాగమూ సరిసమానమైన చోట అది నిలబడుతుంది. అంటే ఇక్కడ మారేది ఖాళీ వైశాల్యమే గాని, ఫ్లోటుకు అటూ ఇటూ ఉండే పీడన భేదం దాదాపు మారదు. సాధారణంగా ఫ్లోటులో అన్నిటికన్నా వెడల్పైన అంచు ఏ గీతకు ఎదురుగా ఉన్నదో అదే రీడింగు, గుండు ఫ్లోటైతే దాని నడిమి భాగం. కన్ను ఆ అంచుకు సరిగ్గా సమానమైన ఎత్తులో ఉండాలి, ఎందుకంటే ఒక మెట్టు పైనుంచి చూసినా వేరే గీత చదివినట్లవుతుంది.

అసలు చిక్కు స్కేలులోనే ఉంది. పలక మీద ‘వాటర్, ఎల్పీహెచ్’ అని చెక్కి ఉంటే ఆ గీతలు నీటితో సరిచూసి గీసినవని అర్థం. హెక్సేను నీటికన్నా తేలిక కనుక, అదే ఫ్లోటును అదే ఎత్తులో నిలబెట్టాలంటే అది నీటికన్నా వేగంగా పారాలి. పైగా తేలిక ద్రవం ఫ్లోటును తక్కువగా మోస్తుంది కాబట్టి ఎత్తవలసిన బరువూ కొంత ఎక్కువే. ఈ రెండింటి వల్ల నిజమైన ప్రవాహం రీడింగుకన్నా ఎక్కువగా ఉంటుంది. రీడింగును హెచ్చించవలసిన గుణకం ఇది:

```
k = √[ ρw(ρf − ρh) / ( ρh(ρf − ρw) ) ]
```

ఇందులో ρf ఫ్లోటు సాంద్రత, ρw నీటి సాంద్రత, ρh హెక్సేను సాంద్రత. స్టెయిన్‌లెస్ స్టీలు ఫ్లోటు సాంద్రత సుమారు 8.0, నీటిది 1.0, 50 డిగ్రీల సెల్సియస్ వద్ద హెక్సేనుది సుమారు 0.63 గ్రాములు, ఘన సెంటీమీటరుకు. లెక్క వేస్తే k విలువ 1.29 వస్తుంది. అంటే ఫ్లోటు 6,000 గీత వద్ద నిలిస్తే నిజంగా గంటకు 7,750 లీటర్లకు పైగా పోతున్నట్లు. అంతే హెక్సేను కావాలనుకుని ఆపరేటరు వాల్వు తిప్పి ఫ్లోటును 7,750 గీత దాకా ఎత్తితే, నిజానికి పదివేల లీటర్లు పడతాయి. చెక్కలో నూనె బాగానే దిగుతుంది గాని, నూనె కలిసిన హెక్సేను, అంటే మిసెల్లా, పలచబడి, ఆ అదనపు ద్రావకాన్ని ఆవిరి చేయడానికి బాయిలరు స్టీము వృథాగా ఖర్చవుతుంది.

గుణకాన్ని కంఠస్థం చేసి అన్నిచోట్లా వాడకూడదు. రోటామీటరు హీటరుకు ముందు ఉండి, హెక్సేను సాంద్రత 0.66 దగ్గర ఉంటే అదే గుణకం 1.26కు దిగుతుంది. కనుక ఉష్ణోగ్రత ఎక్కడ కొలిచినదో తెలియాలి. అరిగిన ఫ్లోటు స్థానంలో వేరే లోహపు ఫ్లోటు వేస్తే పాత లెక్క చెల్లదు. చిక్కని నూనెకైతే ఈ సూత్రమే సరిపోదు, ఎందుకంటే ఇందులో స్నిగ్ధత, అంటే ద్రవపు జిగురుతనం, లెక్కలోకి రాలేదు. హెక్సేను నీటికన్నా పలచన కనుకనే దానికి ఇది పనికివస్తోంది. మరొక జాగ్రత్త ముఖ్యమైనది: కొన్ని రోటామీటర్ల పలక మీద హెక్సేను పేరూ సాంద్రతా ముందే చెక్కి ఉంటాయి, వాటి రీడింగును మళ్లీ గుణిస్తే లెక్క తప్పుతుంది.

సందేహం తీర్చుకోవడానికి ట్యాంకు మట్టాన్ని మించిన సాక్ష్యం లేదు. 2.5 మీటర్ల వ్యాసమున్న నిలువు ట్యాంకు నుంచి ప్రవాహం పోతున్నప్పుడు, ట్యాంకులోకి వచ్చే గొట్టాలన్నీ అరగంటసేపు మూసి, డిప్ కర్రతో ముందూ వెనుకా మట్టం కొలవాలి. ఫ్లోటు 6,000 వద్ద కదలకుండా ఉన్నప్పుడు మట్టం 61 సెంటీమీటర్లు దిగితే స్కేలు ఉన్నదున్నట్టే సరి, 79 సెంటీమీటర్ల దాకా దిగితే గుణకం వాడవలసిందే. రెండింటికీ దూరంగా మరేదో అంకె వస్తే ఫ్లోటు ఇరుక్కున్నదేమో చూడాలి. వాల్వును కొద్దిగా మూసి తిరిగి తెరిచినప్పుడు ఫ్లోటు పాత గీతకే రాకపోతే గొట్టం లోపల మడ్డి పట్టి ఉండవచ్చు. ఆగకుండా ఎగిరిపడుతుంటే, 69 డిగ్రీలకే మరిగే హెక్సేను గొట్టంలో బుడగలు కడుతున్నదనుకోవాలి, ఆ స్థితిలో చదివిన ఏ అంకెనూ లాగ్ పుస్తకంలో రాయకూడదు.