ఆరో నెంబర్ ప్లాట్‌ఫారం

మా ఇంట్లో రైలు ప్రయాణమంటే నాన్న డిపార్ట్‌మెంట్. టికెట్లు, నీళ్ల బాటిళ్లు, ఏ ప్లాట్‌ఫారం, మన పెట్టె ఎక్కడ ఆగుతుంది, అన్నీ ఆయనే చూసుకుంటాడు. మేం వెనకాల నడవడమే. పోయిన డిసెంబర్‌లో మాత్రం నాన్నకి నైట్ డ్యూటీ పడింది. మర్నాడు పొద్దున పది గంటలకి చెన్నైలో తాతయ్యకి గుండె డాక్టర్ అపాయింట్‌మెంట్. రాత్రి 10:40కి విజయవాడలో బండి. అమ్మ, తాతయ్య, ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేం కాబట్టి టెన్త్ చదివే చెల్లి, నేను బయల్దేరాం. నాన్న నాకు చెప్పింది ఒక్కటే మాట: "ఏం చేసినా సరే, తాతయ్యని మెట్లు మాత్రం ఎక్కించకు."

నాకేం భయం లేదు. సీఎస్‌ఈ సెకండ్ ఇయర్, చేతిలో ఫోన్, ఫోన్లో రైళ్లు ఎక్కడున్నాయో చూపించే యాప్.

స్టేషన్‌కి వెళ్లేసరికి బండి ఏలూరులో ఉంది. రావాల్సిన టైముకి 45 నిమిషాలు లేటు. 10:20కి ఏలూరు వదిలిందని చూపించింది. దాని కిందే విజయవాడ 11:25 అని, పక్కన `PF 6` అని. ఇంకేం కావాలి! అందర్నీ లిఫ్ట్‌లో బ్రిడ్జి మీదికి ఎక్కించి, మళ్లీ లిఫ్ట్‌లో ఆరో నెంబర్‌కి దించాను. తాతయ్యకి బెంచీ దొరికింది. అమ్మ పులిహోర డబ్బా తీసింది. నేను నిమిషానికోసారి ఫోన్ చూసి, నూజివీడు దాటింది, గన్నవరం దగ్గర్లో ఉంది అని కామెంటరీ చెబుతున్నాను. చెల్లికి విసుగొచ్చి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంది.

తాతయ్య మాత్రం పైకి చూస్తున్నాడు. "ఒరేయ్, పెట్టెల నెంబర్లు పడే ఆ బోర్డుల్లో మన బండిది ఏమీ పడట్లేదేంట్రా?"

"ఇంకా టైముంది తాతయ్యా."

కాసేపాగి మళ్లీ అడిగాడు. "మనతో ఎక్కేవాళ్లెవరూ కనపడట్లేదే. అంత పెద్ద బండికి మనం నలుగురమేనా?"

నేను నవ్వేసి ఫోన్ చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, ఏమీ అనలేదు.

11:02కి అనౌన్స్‌మెంట్ వచ్చింది. మన బండి నెంబరే. మూడో నెంబర్ ప్లాట్‌ఫారం మీదికి కొద్దిసేపట్లో వస్తుందట. యాప్‌లో చూస్తే అప్పుడు కూడా ఆరే. నిజం చెప్పాలంటే, అనౌన్స్‌మెంటే తప్పేమో అని ఒక అర నిమిషం నిలబడిపోయాను. ఆ అర నిమిషం తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎదురుగా సామాన్లు మోసుకెళ్తున్న ఎర్ర చొక్కా కూలీ ఒకాయన ఆగి, "చెప్పింది విను బాబూ, ఫోన్ తర్వాత చూసుకుందువుగాని" అన్నాడు.

లిఫ్ట్ దగ్గర అప్పటికే క్యూ. మా ముందు రెండు ట్రాలీ బ్యాగులు, ఒక కుటుంబం, మంచం అంత మూట. మెట్లు పక్కనే ఉన్నాయి, తాతయ్య అటు చూశాడు. "వద్దు మావయ్యా" అని అమ్మ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో ట్రిప్పులో ఎక్కాం. పైనుంచి చూస్తే మేం వదిలేసి వచ్చిన ఆరో నెంబర్‌లోకి వేరే బండి వస్తోంది. మూడుకి దిగేసరికి 11:14. మా బండి అప్పటికే ఆగి ఉంది. 11:25కి కదా రావాలి!

మా ఎస్-9 ఎక్కడో ఆ చివర్న. తాతయ్యకి ఆయాసం మొదలైంది, మాట రావట్లేదు, చేత్తో ఆగమని చూపిస్తున్నాడు. అక్కడే ఎదురుగా ఎస్-4 ఉంది. అమ్మే అంది, "ముందు ఎక్కేద్దాం, లోపల నడుచుకుంటూ పోవచ్చు" అని. స్లీపర్ పెట్టెలన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి కాబట్టి కుదిరింది. అక్కడ పది నిమిషాల హాల్ట్ ఉండబట్టి బతికిపోయాం. రెండు నిమిషాలు ఆగే స్టేషన్ అయ్యుంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

చెన్నై నుంచి వచ్చాక దీని సంగతి తేల్చాలనిపించింది. మా క్లాస్‌మేట్ వాళ్ల నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయనకి నా స్క్రీన్‌షాట్ చూపిస్తే, "ఇందులో నిజంగా జరిగిన విషయం ఒక్కటే ఉంది బాబూ. 10:20కి ఏలూరు వదలడం. మిగతావన్నీ లెక్కలు" అన్నారు.

బండి ఒక స్టేషన్ దాటిన టైము కంట్రోల్ ఆఫీసుకి చేరుతుంది. అక్కడి కంప్యూటర్లోంచి రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్‌కి వస్తుంది. ఇప్పుడు చాలా ఇంజన్లకి ఇస్రోతో కలిసి చేసిన ఆర్‌టీఐఎస్ అనే జీపీఎస్ పరికరం పెట్టారు, అది ముప్ఫై సెకన్లకోసారి బండి ఎక్కడుందో పంపుతుంది. అది లేని ఇంజనయితే, రెండు స్టేషన్ల మధ్య మనకి కనపడే చుక్క ఊహే. చివరి టైము, మామూలు స్పీడు తీసుకుని యాప్ దాన్ని ముందుకి జరుపుతూ ఉంటుంది. బండి సిగ్నల్ దగ్గర ఆగిపోయినా చుక్క నడుస్తూనే ఉంటుంది. ఆ స్క్రీన్‌షాట్‌లోనే కింద సన్నటి అక్షరాల్లో `Last updated 9 min ago` అని ఉంది. అన్నీ చదివిన నేను అదొక్కటీ చదవలేదు.

మరి 11:25కి రావాల్సింది 11:14కే ఎలా వచ్చి ఉంది? టైమ్‌టేబుల్ ప్రకారం ఏలూరులో 9:35, విజయవాడలో 10:40. అంటే సుమారు అరవై కిలోమీటర్లకి 65 నిమిషాలు. లైను ఖాళీగా ఉంటే అంతసేపు పట్టదు. పెద్ద జంక్షన్ వచ్చే ముందు టైమ్‌టేబుల్లో కొన్ని నిమిషాలు కావాలనే ఎక్కువేసి పెడతారు, లేటైన బండి అక్కడ కొంత కవర్ చేసుకోవడానికి. యాప్ ఏం చేసిందంటే 10:40కి 45 కలిపేసి 11:25 అంది. లేటు తగ్గొచ్చని దానికి తట్టలేదు. నాకూ తట్టలేదు. లేటు కదా అని మనం టీకి వెళ్లేది సరిగ్గా ఇలాంటి చోటే.

ఇక ఆ ఆరో నెంబర్. అది ఆ బండికి మామూలుగా ఇచ్చే ప్లాట్‌ఫారం. అసలు ఏ లైన్లోకి తీసుకోవాలన్నది ఆ పూట ఏది ఖాళీగా ఉంది, పక్క నుంచి ఏ బండి వస్తోంది అనేది చూసి స్టేషన్లో డ్యూటీలో ఉన్నవాళ్లు తేలుస్తారు. "మీ బండి ముప్పావుగంట లేటు. దాని చోటు దానికోసం కాచుకుని కూర్చోదుగా" అన్నారాయన. అప్పటికి ఇంకో బండి టైముకే వచ్చేసింది. మేం బ్రిడ్జి మీంచి చూసింది దాన్నే. ఏ లైనో తేలాకే అనౌన్స్‌మెంట్ వస్తుంది, పెట్టెల బోర్డులు వెలుగుతాయి. తాతయ్య చూస్తున్నది అదే.

ఆయన చెప్పేదాకా నాకు తోచని సంగతేంటంటే, జరిగిందీ జరగబోయేదీ ఆ యాప్‌లో ఒకే సైజు, ఒకే రంగు అక్షరాల్లో ఉన్నాయి. రేపు ఇలాంటి స్క్రీన్లు చేసేది మనమే కదా.

ఇప్పుడు తాతయ్యతో వెళ్తే అనౌన్స్‌మెంట్ వచ్చేదాకా బ్రిడ్జి ఎక్కం. ఒకటో నెంబర్ మీదే, లిఫ్ట్ పక్కన కూర్చుంటాం. ఫోన్ చూస్తాను, కానీ ముందు ఆ సన్నటి అక్షరాలు చూస్తాను.

ఆ రాత్రి ఎస్-9కి చేరి తాతయ్యని కింద బెర్తులో కూర్చోబెట్టేసరికి బండి కదిలింది. అమ్మ నీళ్లు తాగించింది, మాత్ర వేసింది. నాన్నకి ఫోన్ చేసి ఎక్కేశాం అని మాత్రం చెప్పాను. కాసేపటికి తాతయ్య ఊపిరి కుదుటపడింది. చక్రాల చప్పుడు మారింది. ఆయన కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ, "కృష్ణ దాటుతున్నాం" అన్నాడు. నేను అలవాటుగా ఫోన్ తీశాను. అందులో మా బండి ఇంకా విజయవాడలోనే ఉంది, ఆరో నెంబర్ ప్లాట్‌ఫారం మీద.