గోడకు మేజ్

మాది రెండు కమ్రాల కిరాయి ఇల్లు. రాత్రి దస్తర్‌ఖాన్ పరిచే చోటే పగలు మా బేటీ చదువుకునే చోటు. అందుకే గోడకు మడిచే మేజ్ పెట్టించాను. వారం తిరిగిందో లేదో, పిల్ల లేస్తూ అంచు మీద రెండు చేతులూ ఆనించింది. పై స్క్రూలు ప్లగ్గులతో సహా ఊడొచ్చాయి. అల్లా దయ, దెబ్బ తగల్లేదు.

బ్రాకెట్ల డబ్బా మీద జతకు 60 కిలోలని ఉంది. అది ఝూట్ కాదు. కానీ బరువు పలకంతా సమానంగా పరుచుకున్నప్పటి మాట అది. మా పలక గోడ నుంచి 40 సెంటీమీటర్లు ముందుకొస్తుంది. బ్రాకెట్ గోడకు ఆనే ఎత్తు 20. అంచు మీద 30 కిలోలు మోపితే పై స్క్రూలను బయటికి లాగే జోర్ రెట్టింపు, అంటే 60 కిలోలు. బ్రాకెట్ వంగలేదు, గోడే వదిలేసింది.

రంధ్రాల్లో చూస్తే బూడిద రంగు పొడి. ప్లగ్గులు ప్లాస్టర్ దాటి ఇటుకలోకి సరిగా పోనేలేదు!

ఈసారి వచ్చిన మిస్త్రీ పాత రంధ్రాలను వదిలి, నాలుగు అంగుళాలు పక్కకు జరిగాడు. డ్రిల్ నుంచి ముందు బూడిద పొడి రాలింది, తర్వాత ఎర్రది. "ఎర్రగా వస్తే ఇటుక దొరికినట్టే సాబ్" అన్నాడు. ఒక రంధ్రంలో లోతుకెళ్లినా ఎరుపు రాలేదు. అది ఇటుకల మధ్య సందు. దాన్ని పూడ్చి, ఇంకోటి వేశాడు. స్క్రూలు కూడా పొడుగువి, ఇటుకలోకి రెండు అంగుళాలు దిగేవి బిగించాడు.

తర్వాత అంచు మీద తన బరువంతా మోపి చూశాడు. కదల్లేదు. అయినా అది పట్టుకుని లేవొద్దనే బేటీకి చెబుతున్నాను.