లండన్ కోర్టులో హైదరాబాద్ గడువు

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో పన్నెండు మందితో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతాడు. ఇంగ్లండ్‌లోని ఒక కంపెనీకి స్టాక్ లెక్కలు చూసుకునే ప్రోగ్రామ్ రాసిచ్చాడు. చివరి ఇన్‌వాయిస్ 48,000 పౌండ్లు. 2022 ఏప్రిల్ 30కల్లా కట్టాల్సిన ఆ డబ్బు రాలేదు. నిరుడు అక్టోబరులో నాకు ఫోన్ చేశాడు. నేను లండన్‌లో సొలిసిటర్‌ని, ఇలాంటి బాకీల పనే నాది.

"అన్నయ్యా, ఇక్కడే దావా వేసేస్తాను. పని ఇక్కడ చేశాం, డబ్బు రావాల్సింది ఇక్కడి బ్యాంకుకే కదా" అన్నాడు.

అతను చెప్పింది తప్పేమీ కాదు. వ్యాజ్య కారణంలో కొంత భాగమైనా తన పరిధిలో పుడితే దావా తీసుకోవచ్చని మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షన్ చెబుతోంది. చిక్కంతా డిక్రీ వచ్చాకే. ఆ కంపెనీకి భారత్‌లో ఆఫీసు లేదు, ఆస్తి లేదు. హైదరాబాద్ డిక్రీ పట్టుకుని లండన్ రావాల్సిందే. భారత డిక్రీలను ఇక్కడ నమోదు చేసి అమలు చేయడానికి 1933 నాటి చట్టం ఒకటి ఉంది. కానీ అది ముందు ఒక మాట అడుగుతుంది: ప్రతివాది ఆ కోర్టుకు తానుగా వచ్చి వాదించాడా, లేక ఆ కోర్టుకు లోబడతానని ముందే ఒప్పుకున్నాడా, లేదా అక్కడ వ్యాపార స్థలమైనా ఉందా? ఇవేవీ లేకుండా సమన్లు అందినా రాకపోతే, ఎక్స్‌పార్టే డిక్రీ ఇక్కడ పనికిరాదు. రెండేళ్లు కోర్టు చుట్టూ తిరిగి తెచ్చుకున్న డిక్రీ చివరికి ఫైల్లో మిగిలిపోవడం చాలా బాధాకరం. అందుకే ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది "వాళ్ల బ్యాంకు ఖాతా ఏ దేశంలో ఉంది?" అనే.

కాబట్టి దావా ఇంగ్లండ్‌లోనే. ఇక్కడ రిజిస్టరైన కంపెనీ కనుక దాని చిరునామాకు కాగితాలు పంపితే చాలు, పరిధి గురించి పేచీ ఉండదు.

"అయితే తొందరేం లేదు. అక్కడ ఆరేళ్లు గడువుంటుందట కదా, 2028 దాకా" అన్నాడు.

నాకు భయం వేసింది అక్కడే. కేసు ఏ కోర్టు వింటుందనేది ఒక ప్రశ్న. ఆ కోర్టు ఏ దేశపు చట్టం ప్రకారం తీర్పు చెబుతుందనేది పూర్తిగా వేరే ప్రశ్న. వీళ్ల మధ్య ఉన్నది రెండు పేజీల ప్రతిపాదన, కొన్ని ఈమెయిళ్లు. ఏ చట్టం వర్తిస్తుందో ఎక్కడా రాసుకోలేదు. అలా రాసుకోనప్పుడు రోమ్ వన్ నియమాలు చూడాలి. అవి యూరోపియన్ యూనియన్‌వి. బయటికి వచ్చాక బ్రిటన్ తన చట్టంగా ఉంచుకుంది. నాలుగో అధికరణం ప్రకారం సేవల ఒప్పందానికి, సేవ అందించేవాడు ఉండే దేశపు చట్టమే మామూలుగా వర్తిస్తుంది. సేవ అందించింది హైదరాబాద్ కంపెనీ. అంటే లండన్ జడ్జి ముందున్న కేసుకు భారత చట్టం. బాకీకి కాలపరిమితి కూడా ఆ చట్టంతోనే వస్తుంది. ఇంగ్లండ్‌లో ఆరేళ్లు, మన దగ్గర మూడేళ్లు. ఆ మూడేళ్లు 2025 ఏప్రిల్ 30తోనే అయిపోయాయి.

ఎదుటివాళ్లు ఈ మాట ఎత్తకపోతే ఇంగ్లండ్ కోర్టు మామూలుగా తన చట్టమే చూసుకుంటుంది. పరాయి చట్టం కావాలన్నవాళ్లే దాన్ని లేవనెత్తి నిరూపించుకోవాలి. కానీ గడువు మీరిందని చెప్పి మొత్తం బాకీ ఎగ్గొట్టే అవకాశం చేతిలో ఉంటే ఏ లాయరు వదులుకుంటాడు?

పాత ఉత్తరాలన్నీ వెతికించాను. 2023 సెప్టెంబర్ 12న ఆ కంపెనీ డైరెక్టరు లెటర్‌హెడ్ మీద సంతకం చేసి పంపిన ఉత్తరం స్కాన్ దొరికింది. "మీకు 48,000 పౌండ్లు ఇవ్వాల్సి ఉంది, కాస్త సమయం ఇవ్వండి" అని అందులో సారాంశం. మన లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్‌కు కావాల్సింది సరిగ్గా అదే. గడువు ముగియకముందే బాకీ ఉందని రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అలా 2026 సెప్టెంబర్ 12 దాకా ఊపిరి దొరికింది. అదే మాట ఫోన్‌లో చెప్పి ఊరుకుని ఉంటే మాకేమీ మిగిలేది కాదు.

డిమాండు నోటీసు పంపాం. వాళ్ల లాయరు జవాబులో మొదటి పేరాలోనే భారత చట్టం, మూడేళ్లు అన్నాడు. ఉత్తరం నకలు పంపాం. మూడు వారాల తర్వాత రెండు వాయిదాల్లో కడతామన్నారు.

ఇప్పుడు తమ్ముడి కొత్త ఒప్పందాల్లో రెండు వాక్యాలు విడివిడిగా ఉంటున్నాయి. ఒకటి వర్తించే చట్టం ఏదో చెబుతుంది. రెండోది, కొనుగోలుదారు ఉన్న దేశపు కోర్టుకు వెళ్లే హక్కు తన కంపెనీకి ఉందని చెబుతుంది. మొన్న ఒక కొనుగోలుదారు రెండో వాక్యం కొట్టేసి పంపితే, దాన్ని మళ్లీ చేర్చేదాకా సంతకం పెట్టలేదు.